ఈ చానల్ అందరి కోసం కాదు

నిమిషం కూడా లేని వీడియో కోసం తోడబుట్టినవాళ్లు మాటలు మానుకుంటారా అని మా వదిన ఇప్పటికీ కనపడ్డవాళ్లందరి దగ్గరా వాపోతుంది. మానుకుంటారు. మేం మానుకున్నాం. ఆ వీడియోలో చెప్పాల్సినవి రెండే ముక్కలు: ఈ చానల్ ఎవరి కోసం, వాళ్లకు వారం వారం ఏం దొరుకుతుంది. పొలాల దగ్గర, ఇళ్ల దగ్గర కొట్టుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. మేం ఈ రెండు ముక్కల దగ్గర కొట్టుకున్నాం.

మా అన్నకు ఖమ్మంలో పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. ఆయన షూట్ చేసుకొస్తాడు, నేను కోసి అతుకుతాను. నా పెళ్లికి ముందు నుంచీ ఆ ఎడిటింగ్ కుర్చీ నాదే. కుర్చీ అయితే నాది గానీ, అందులో కూర్చుని చేసిన పనిలో నా ఇష్టం అంటూ ఏదీ ఉండేది కాదు. పాట ఆయన చెప్పిందే, పూలు రాలే ఎఫెక్టు ఆయన చెప్పినచోటే. కాదంటే "నీకేం తెల్వదు, చెప్పింది చెయ్యి" అనేవాడు. నేను పళ్లు నూరుకుంటూ చేసేదాన్ని.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. మాకు ఆషాఢాలూ మూఢాలూ లేవు గానీ మా గిరాకీకి ఉన్నాయి. ఆషాఢం వచ్చిందంటే స్టూడియోలో ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీ రోజుల్లో నా దగ్గరికి వేరే రకం మనుషులు వచ్చేవాళ్లు. తిరుమలాయపాలెం నుంచి జాకెట్లు కుట్టే వీడియోలు పెట్టే ఒకావిడ, బోనకల్ నుంచి తన మిర్చి తోట చూపించే ఒకాయన, కోచింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేస్తూ పాటలు పాడే ఒక పిల్ల. అందరిదీ ఒకటే ఏడుపు. "అక్కా, ఎంత కష్టపడి తీసినా పదిమంది చూస్తలేరు." ఫోను తీసుకుని చూస్తే తప్పు ఎదురుగానే ఉండేది. వెలుతురుకు వీపు పెట్టి నిలబడతారు. మాట మొదలుపెట్టే ముందు అర నిమిషం నమస్కారాలు పెడతారు. ఫ్యాన్ కింద కూర్చుని మాట్లాడతారు. అక్కడే, వాళ్ల ఫోన్లోనే సరిచేసి చూపిస్తే వాళ్ల మొహాలు వెలిగిపోయేవి. ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పెళ్లి వీడియో ఇచ్చినప్పుడు ఎవరూ నా వైపు అలా చూడలేదు.

అందుకే అడిగాను. స్టూడియో చానల్ ఆషాఢమంతా పడుకునే ఉంటుంది కదా, వారానికి ఒక్కరోజు నాకివ్వు, కొత్తగా వీడియోలు మొదలుపెట్టినవాళ్ల కోసం నడుపుతాను అని. వేరే చానల్ పెట్టుకుంటానంటే ముందు ఆయనే ఒప్పుకోలేదు. "ఇంట్ల ఒకటి ఉండంగ ఇంకోటెందుకే, జనం నవ్వరా?" అన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. చానల్ గురించి చెప్పే షార్ట్ ఒకటి పెట్టాలి. పెట్టిన వారం లోపల దాన్ని చూసి ఒక్కరైనా తమ వీడియో పంపాలి. పంపితే శుక్రవారాలు నావి. పంపకపోతే నోరు మూసుకుని పూలు రాల్చుకోవాలి, ఈ మాట మళ్లీ ఎత్తకూడదు.

సరేనన్నాను. నాకు ఆ శుక్రవారాలు కావాలి. అంతగా దేన్నీ అడిగి ఎరగను.

రాత్రి అన్నాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టి నాలుగు వాక్యాలు రాసుకున్నాను. షార్ట్ అంటే నిలువు వీడియో, వేలితో పైకి తోసేస్తే పోతుంది. మొదటి మాటకే మనిషి ఆగాలి. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్" అంటూ కూర్చుంటే అప్పటికే వేలు కదిలిపోయి ఉంటుంది. అందుకని మొదలే ఇలా పెట్టాను: "వీడియోలు కొత్తగా మొదలుపెట్టి, ఎవరూ చూడట్లేదని దిగులుపడుతున్నారా? ఈ చానల్ మీకే. మీ దగ్గర ఉన్న ఫోను చాలు. ప్రతి శుక్రవారం సాయంత్రం మీలో ఒకరు పంపిన ఒక వీడియో తీసుకుని, తప్పెక్కడుందో చూపించి, మీ కళ్లముందే సరిచేస్తాను." తర్వాత ఎక్కడికి పంపాలో. అంతే.

మా అన్న చదివి కాగితం బల్ల మీద పడేశాడు.

"ఒక్కరిదేనా? మిగిలినోళ్లు ఏమనుకోవాలె?"

"వారానికి ఒకటే అయితది అన్నా. అంతకంటే చేస్తనని చెప్తే అబద్ధమైతది."

"కొత్తోళ్లకే అంటవేంది? మరి పాతోళ్లు మన చానల్ జూడొద్దా? పెండ్లి పార్టీలు జూడొద్దా? అందరికోసం అను. నీ సొమ్మేం పోతది?"

"అందరికోసం అంటే ఎవ్వరూ ఆగరు. నాకోసమే చెప్తున్నరు అనుకుంటేనే ఆగుతరు."

"ఆహా! నాకు నేర్పుతున్నవా?"

ఆయన మాటలో దురుద్దేశం లేదు, అది నాకు తెలుసు. పెళ్లి వీడియో పనిలో మొదటి నియమం ఎవరి మొహమూ వదలకూడదు. ఒకసారి సత్తుపల్లి పెళ్లిలో పెళ్లికొడుకు బాబాయి మొహం వీడియోలో రాలేదు. ఆయన స్టూడియోకి వచ్చి, "ఏంటండీ, మేమేమైనా పిలవని పేరంటానికొచ్చామా?" అని వీధంతా వినపడేట్టు అరిచాడు. మా అన్న చేతులు జోడించి, నాతో ఆ వీడియో మళ్లీ కట్ చేయించి, బాబాయిని మూడు చోట్ల పెట్టించాడు. అప్పటి నుంచి భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చున్న ప్రతి మనిషి మీదా కెమెరా పోవాల్సిందే. ఆ అలవాటుతోనే నా షార్ట్ దగ్గరికీ వచ్చాడు. ఎవరినైనా వదిలేయడం అంటే ఆయనకు చేయి ఆడదు. అదంతా తెలిసినా నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఇది పెళ్లి కాదు.

శుక్రవారం స్టూడియోలో తెర ముందు నిలబడి నా నాలుగు వాక్యాలూ చెప్పాను. ఒక్క టేకులో అయిపోయింది. పైన అక్షరాలు పెట్టి, కిందా కుడిపక్కా బటన్లు వచ్చే చోటు ఖాళీగా వదిలి, ఫైలు తయారుచేశాను. "నేను పెడ్తలే, పాస్‌వర్డ్ నా దగ్గరున్నది గద" అన్నాడు అన్న. నమ్మి ఇంటికి పోయాను. తెలివితక్కువదాన్ని.

ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుండగా ఒళ్లో ఫోను వణికింది. మా చిన్నత్త కూతురు పంపిన మెసేజి: "వదినా, మస్తున్నవ్." పక్కన మా ఆయన మోచేత్తో పొడుస్తున్నా తెరిచి చూశాను. ముందు ఫంక్షన్ హాలు మీద నుంచి డ్రోన్. తర్వాత పూలు. తర్వాత బంగారు అక్షరాల్లో స్టూడియో పేరు. ఆ తర్వాత నేను. నా నోరు కదులుతోంది, మాట లేదు. దాని మీద ఒక పెళ్లి పాట. కింద రాత: "అందరికీ స్వాగతం. ప్రతి వారం మీ అందరి వీడియోలు."

పెళ్లి పనిలో కెమెరాకు చిక్కిన గొంతు దేనికీ పనికిరాదు. మైకులు, బ్యాండు, పిల్లల ఏడుపు. అందుకే మొత్తం తీసిపారేసి పైన పాట వేస్తాం. కొన్నేళ్లుగా నా చేతులూ అదే చేశాయి. ఆయన కూడా అలవాటుగా అదే చేశాడు. నా గొంతు తీసిపారేసి పాట వేశాడు. ఆమెన్ అని అందరూ లేచి నిలబడితే నేను కూర్చునే ఉన్నాను.

చర్చి గేటు దగ్గరే పట్టుకున్నాను. చెప్పులు వేసుకుంటున్నాడు.

"నా మాట ఏది?"

"రాసినం గద కింద. ఎంత రిచ్‌గ ఉన్నదో చూడలే?"

"నువ్వు రాసింది నేను చెప్పింది కాదు. అందరి వీడియోలు ఎవడు చేస్తడు, నువ్వు చేస్తవా? ఒక్కరిది చేస్తనని నేను చెప్పిన."

"అరె, ఎన్ని వ్యూస్ వచ్చినయో చూసి మాట్లాడే!"

"చూసిన. ఎంతమంది ఆగిండ్రో, ఎంతమంది తోసేసి పోయిండ్రో కూడా చూసిన. గ్రాఫు తెరిచి చూడు. నీ డ్రోన్ దగ్గరే అందరూ దిగిపోయిండ్రు."

"నాకంత సదువు లేదులేమ్మా. నువ్వే చదువుకో నీ గ్రాఫు."

వదిన చుట్టూ చూస్తూ "మెల్లగ, మెల్లగ" అంటోంది. నేను మెల్లగా మాట్లాడే స్థితిలో లేను. నా గొంతు తీసేసి నా మొహం వాడుకున్నావు అని అరిచాను. పాస్టరమ్మ బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఆ షార్ట్ తీసేద్దామని చూస్తే డిలీట్ అన్నది నాకు పనిచేయలేదు. అప్పుడు తెలిసింది. చానల్లో నాకు ఇచ్చింది ఎడిటర్ హోదా మాత్రమే. కొత్తవి పెట్టొచ్చు, పేర్లు మార్చొచ్చు, ఒకసారి బయటికి పోయినదాన్ని తీసే అధికారం లేదు. పెట్టిన వీడియోకి ఫైలు మార్చడం ఎవరి వల్లా కాదు. ఓనరు ఆయనే. ఆ మాట చూసి నవ్వొచ్చింది, అంత కోపంలోనూ.

కింద కామెంట్లు చదివాను. "హాలు ఎక్కడన్నా?" "డ్రోన్‌కి ఎంతన్నా?" "చిన్నమ్మా సూపర్." వీడియో పంపుతానన్నవాళ్లు ఒక్కరూ లేరు. చివర్న ఒకటి:

"మేడం, మీ నోరు కదులుతోంది, మాట రావట్లేదు. మీరు నేర్పేది ఇదేనా?"

తల కొట్టేసినట్టయింది. ఎవరబ్బా ఇది అని ఆమె చానల్ తెరిచాను. భద్రాచలం అవతల అడవి అంచు ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. పెరట్లో దొరికే ఆకుకూరలు, లేత వెదురు మొలకలతో చేసే వెదురు కొమ్ముల కూర, వాటి గురించి తన కోయ భాషలో కాసేపు, తెలుగులో కాసేపు చెబుతానని రాసుకుంది. చూసేవాళ్లు లేరు. ఎందుకు లేరో నాకు మొదటి వీడియోకే అర్థమైంది. రేకుల కప్పు కింద, వానలో తీసింది. వాన తప్ప ఏమీ వినపడటం లేదు. నన్ను అన్న ఈమె గొంతే వినపడటం లేదు! అదే మాట జవాబుగా రాశాను, కొంచెం ఘాటుగానే. ఆమె అంతకంటే ఘాటుగా రాసింది. నంబరిచ్చాను. సోమవారం పొద్దున ఫోన్ చేసింది.

"నా వీడియో తప్పులు పట్టడానికి మీరెవరండీ?"

"మీరే గద మొదలుపెట్టింది. సరే, ఆ వెదురు కొమ్ముల వీడియో పంపండి. శుక్రవారం సరిచేసి చూపిస్త."

"చూపిస్తారా? ఎవరికి? ఇదివరకు కింద పట్నం నుంచి ఒకాయన వచ్చి మా పిల్లల్ని, మా తిండిని వీడియో తీసుకుపోయాడు. మా గురించి నలుగురికీ చెప్తానన్నాడు. ఏం పెట్టాడో తెలుసా? అడవోళ్లు ఏం తింటారో చూడండి అని పెట్టి నవ్వే బొమ్మలు వేశాడు. మా పిల్లల మొహాల మీద! ఇప్పుడు మీరొచ్చి నా తప్పులు ఊరందరికీ చూపిస్తానంటున్నారు. మీ వీడియోలో అందరికీ స్వాగతం అనేగా ఉంది. ఆ నవ్వినోళ్లకి కూడానా?"

ఆమె అడిగింది నిజమే. నేను ఎవరి కోసమో రాసుకున్నాను గానీ, ఎవరి కోసం కాదో రాసుకోలేదు. మా అన్న అందరినీ లోపలికి పిలిచాడని అరిచాను గానీ, నేనూ తలుపు తెరిచే ఉంచాను.

"నేనే వస్త మీ ఊరికి. మీ ముందే చెప్త ఆ షార్ట్. మీకు నచ్చకపోతే పంపకండి."

"రండి. మొహం మీదే చెప్తాను నచ్చకపోతే."

మంగళవారం మా ఆయన పిల్లల్ని చూసుకుంటానన్నాడు. పొద్దున్నే బస్సెక్కి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి ఆటో. దారంతా వాన. మా అన్నకు చెప్పలేదు. చెబితే వద్దంటాడు, వద్దన్నా వెళ్తాను, ఆ ముచ్చట ఎందుకని.

ఆమె అంగన్‌వాడీ మూసి ఇంటికి వచ్చేదాకా అరుగు మీద కూర్చోబెట్టారు. వచ్చింది. నాకంటే చిన్నది. నవ్వలేదు. "టీ తాగారా" అని అడిగి, తాగానని చెప్పకముందే "అయితే చెప్పండి" అంది. వీడియో తీసే చోటు చూపించమన్నాను. రేకుల వసారాలో గోడకు చెంబు, చెంబుకు ఫోను ఆనించి, అయిదారడుగుల అవతల పొయ్యి దగ్గర కూర్చుంటుంది. ఆ దూరం నుంచి ఫోనుకు రేకుల చప్పుడే చేరుతుంది.

"బొమ్మ ఇక్కడి నుంచే తీయండి. మాట మాత్రం తర్వాత లోపలికెళ్లి, దుప్పటి కప్పుకుని, ఫోను నోటికి దగ్గర పెట్టుకుని చెప్పండి. తర్వాత రెండూ కలపాలె. వాన మొత్తం తీసెయ్యొద్దు, సన్నగ ఉంచాలె."

"దుప్పటి కప్పుకునా? మా ఆయన చూస్తే పిచ్చెక్కింది అనుకుంటాడు."

"మా ఆయన ఎప్పుడో అనుకున్నడు."

పెదవి చివర నవ్వు కదిలింది గానీ బయటికి రానివ్వలేదు. "ముందు మీ షార్ట్ చెప్పండి" అంది.

వాన ఆగేదాకా చూసి, పెరట్లో ఆమె స్టూలు మీద నా ఫోను పెట్టి చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. మొదటి వాక్యం అలాగే. నాలుగో వాక్యం, వారం వారం ఏమిస్తానో, అలాగే. తర్వాత ఆగి, ఇంతకుముందు రాసుకోనిది చెప్పాను: "మీరు ఒప్పుకుంటేనే చూపిస్తాను. సరిచేశాక ముందు మీకు పంపుతాను, మీరు సరే అంటేనే పెడతాను. ఇది అందరి కోసం కాదు. ఎదుటివాళ్ల తప్పు చూసి నవ్వుకోవడానికి వచ్చేవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు. అలాంటి కామెంటు కనపడితే తీసేస్తాను."

ఆమె కట్టుకున్న చేతులు విప్పలేదు.

"మళ్లీ చెప్పండి," అంది. "తీసేస్తాను అన్నప్పుడు కిందకి చూశారు. నన్ను చూసి చెప్పండి."

మళ్లీ చెప్పాను. అప్పుడు తన ఫోనులోంచి వెదురు కొమ్ముల వీడియో అక్కడికక్కడే పంపింది. "మాట తప్పితే ఖమ్మం వచ్చి మరీ అడుగుతాను" అని చేర్చింది. ఊరి బయట టవరు దగ్గర సిగ్నలు దొరికితే రోడ్డు పక్కన నిలబడి, ఆ షార్ట్‌ను స్టూడియో చానల్లో పెట్టేశాను. పెట్టే హక్కు నాకుంది కదా. పాట లేదు, పూలు లేవు, నా గొంతుంది.

బుధవారానికి అన్న షార్ట్‌తో పోలిస్తే చూసినవాళ్లు చాలా తక్కువ. కానీ చూసినవాళ్లు చివరిదాకా ఉన్నారు. మెయిల్లో వీడియోలు రావడం మొదలైంది. ఒక కుట్టుపని, ఒక కోళ్ల ఫారం, ఒక ముసలాయన చెప్పే లెక్కలు. ప్రతిదాని కిందా "తప్పులు చెప్పండి మేడం, ఏమనుకోను" అని. నేను ఫోను పట్టుకుని వంటింట్లో గెంతాను. షరతు నెగ్గాను. శుక్రవారాలు నావి.

గురువారం మధ్యాహ్నం ఆమె ఫోను.

"పారిపోయారా మేడం? లింకు నొక్కితే వీడియో లేదంటోంది. మా అంగన్‌వాడీలో అందరికీ చూపిద్దామని తెరిచాను. నా పరువు బాగానే తీశారు."

తెరిచాను. నిజమే. షార్ట్ లేదు, దాని కింద కామెంట్లూ లేవు. చానల్లోకి వెళ్దామంటే నాకు అనుమతి కూడా లేదు. స్టూడియోకి ఎలా పోయానో గుర్తులేదు. మా అన్న కంప్యూటర్ ముందు, నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు తీసినవ్?"

"ఇది అందరికోసం కాదు అంటవా? నా చానల్ల? పెండ్లి పార్టీ ఒకాయన ఫోన్ జేసి అడుగుతున్నడు, ఏంది మమ్మల్ని రావద్దంటున్నరా అని. కామెంట్లు తీసేస్తనని బెదిరిస్తవా గిరాకీని?"

"నవ్వేటోళ్లను రావద్దన్న. ఆయన నవ్వేటోడైతే రావద్దు."

"నా గిరాకీ అది!"

"నాకు వీడియోలు వచ్చినయ్. నువ్వు పెట్టిన షరతు నేను నెగ్గిన. రేపు శుక్రవారం. ఒకామెకు మాటిచ్చిన."

"ఎవరికిచ్చినవ్? ఎక్కడనో అడవిల ఉన్నామెకా? ఆమె కోసం అన్న నోరు కొడ్తవా?"

"నువ్వు నా గొంతు కొట్టినవ్ గద అన్నా, ముందు!"

"కూసో, పని చూడు. శ్రావణం ముహూర్తాలున్నయ్. మళ్లీ ఈ చానల్ ముచ్చట ఎత్తితే మర్యాదుండదు."

కుర్చీ మీద నుంచి లేచాడు, నేను కూర్చుంటానని. కూర్చోలేదు. నా టిఫిన్ డబ్బా, నా హెడ్‌ఫోన్లు తీసుకున్నాను. మెట్ల మీద వదిన చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఏడుస్తున్నాను, తిడుతున్నాను, రెండూ ఒకేసారి. దారిలో ఎవరు చూశారో తెలియదు.

సొంత చానల్ తెరవడానికి నాకు పట్టినంతసేపు టీ కాగడానికి కూడా పట్టదు. ఇన్నేళ్లూ ఆ చిన్న పని ఎందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చూసేవాళ్లు సున్నా. పెరట్లో తీసిన ఫైలు నా ఫోన్లోనే ఉంది, దాన్నే మళ్లీ పెట్టి, కొత్త లింకు ఆమెకు పంపాను. జవాబు లేదు. రాత్రి వెదురు కొమ్ముల కూర ముందేసుకుని కూర్చున్నాను. ఆమె బుధవారమే దుప్పటి కప్పుకుని చెప్పి పంపిన గొంతును బొమ్మకు కలిపాను. వాన సన్నగా ఉంచాను. వండిన కూరను మొదట్లోనే కనపడేట్టు పెట్టాను. తప్పు ముందు, సరిచేసింది తర్వాత. శుక్రవారం పొద్దున ఆమెకు పంపాను. "సరే" అని ఒక్క మాట వచ్చింది. దాని వెనకాలే ఇంకొకటి: "వాన బాగుంది."

సాయంత్రం పెట్టబోతూ ఒకసారి షార్ట్ కింద చూశాను. ఒకే ఒక కామెంటు ఉంది. మా స్టూడియో బొమ్మతో, మా స్టూడియో పేరుతో.

"ఈ చానల్‌కు మా స్టూడియోకు, మా కుటుంబానికి ఎలాంటి సంబంధం లేదు. గమనించగలరు."

మా కుటుంబానికి. ఆ మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. కింద కూలబడి కాళ్లు చాపుకుని ఏడ్చాను. మా అమ్మానాన్న పోయినప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చిన మనిషి రాశాడు అది. గిరాకీ కోసం రాసి ఉంటాడు, కోపంలో రాసి ఉంటాడు, నాకు తెలుసు. తెలిస్తే మాత్రం నొప్పి తగ్గుతుందా?

మా ఆయన వచ్చి చూసి, "తీసెయ్ అది, నీ చానలే గద" అన్నాడు. వేలు దాని మీద పెట్టాను. తీసేయొచ్చు, కనపడకుండా చేయొచ్చు, అన్నిటికంటే పైన కనపడేట్టు పిన్ చేయొచ్చు. పిన్ చేశాను. తర్వాత శుక్రవారం వీడియో పెట్టాను.

గంటకు అన్న ఫోను.

"ఏందే అది? పైన పెట్టినవేంది? తియ్యి."

"రాసింది నువ్వు. నువ్వు తియ్యి."

"జనం అడుగుతున్నరు."

"ఏమని చెప్పినవ్?"

అవతల ఊపిరి మాత్రం వినపడుతోంది. నేనే ఫోను పెట్టేశాను.

కామెంటు ఇప్పటికీ పైనే ఉంది. ఆయన తీయలేదు, నేనూ తీయలేదు. వారం వారం కొత్తవాళ్లు వస్తారు. ముందు అది చదువుతారు, ఆ తర్వాత నా మాట వింటారు.